తీసిన తీగలు మళ్ళీ పెట్టాలి

కట్టబోయే భవనాన్ని ఫోటోలో అతికించి చూపించే ముందు, ఆ స్థలం ఫోటోలోంచి కార్లూ, కరెంటు తీగలూ తుడిచేయడం శుద్ధ మోసమని మిత్రులు కొందరు కొట్టిపారేస్తుంటారు. నా మటుకు నాకు తుడవడంలో తప్పేమీ కనిపించదు. తుడిచింది మళ్ళీ పెట్టకపోవడంలోనే ఉంది తిరకాసంతా.

ముందు బళ్ళ సంగతి. దారినపోయే బళ్ళూ, మనుషులూ తేలిక. ట్రైపాడ్ కదపకుండా, ఎక్స్‌పోజరు మార్చకుండా, ఆగి ఆగి ఓ పదకొండు ఫోటోలు తీసి, ప్రతి పిక్సెల్‌కీ వాటి మధ్యస్థ విలువ తీసుకుంటే చాలు.

```
magick *.tif -evaluate-sequence median plate.tif
```

ఒకచోట సగంకంటే తక్కువ ఫోటోల్లో ఉన్నదేదైనా మాయమైపోతుంది. నిలిపి ఉంచిన కారు అన్నిట్లోనూ ఉంటుంది కాబట్టి ఈ మంత్రానికి లొంగదు. పోనీ ఉంచేద్దామంటే, దాని అద్దాల్లోంచి రేపు ఉండబోని పాత ప్రహరీ కనిపిస్తూ ఉంటుంది. ట్రైపాడ్ కాళ్ళ దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకుని, కారు లేని రోజు అదే వేళకి మళ్ళీ వెళ్ళడమే మంచి దారి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, వేళ తప్పితే నీడలు అతకవు. పక్కనున్న తారుని కాపీ కొట్టి పూడిస్తే అదే మరక మూడుచోట్ల కనిపించి గుట్టు బయటపెడుతుంది.

తీగలు వేరే కథ. అవి భవనానికి ముందు ఉంటాయి. ఫోటోలో తీగ అంచు పిక్సెళ్ళలో ఆకాశం రంగు కలిసిపోయి ఉంటుంది కాబట్టి, అలాగే కత్తిరించి ముదురు గోడ మీద పెడితే చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. అందుకే మొదట తుడిచి, భవనం పెట్టి, పైన వేరే లేయరులో తీగలు మళ్ళీ గీస్తారు. చాలామంది ఈ చివరి మెట్టు ఎగ్గొడతారు. చూడ్డానికి బావుంటుంది మరి!

నేనుండే లండన్‌లో పద్ధతిగా చేసేవాళ్ళు ఇప్పుడున్న దృశ్యాన్నీ, మాంటేజినీ పక్కపక్కనే ఇస్తారు. పోయినేడు మా బాబాయి కొడుకు పంపిన హైదరాబాదు అపార్టుమెంటు బ్రోషరులో మాంటేజి ఒక్కటే ఉంది. అందులో స్తంభం ఉంది, అడ్డపట్టీ ఉంది, దానిమీద పింగాణీ గిన్నెలున్నాయి, తీగలు మాత్రం లేవు! హైదరాబాదు వీధులు 2022 నుంచి గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఉన్నాయి కదా, వెళ్ళి చూశాను. మూడు తీగలు, 11 కేవీ లైను, సరిగ్గా మావాడు అడ్వాన్సు ఇద్దామనుకుంటున్న రెండో అంతస్తు బాల్కనీ ఎత్తులో. అలాంటి లైనుకీ భవనానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలని మన కేంద్ర విద్యుత్ నిబంధనలు. ఆ ఎడం ఉందో లేదో తీగల్లేని బొమ్మలో ఎలా తెలుస్తుంది?

లైను భూమిలోకి మార్చడానికి అనుమతి వచ్చి ఉంటే తీగలు తీసేసిన బొమ్మే సరైనది, ఆ ముక్క బొమ్మ కింద రాస్తే చాలు. మావాడు అదే అడిగాడు. "అది కరెంటు వాళ్ళ పని సార్" అన్నారట. తీగలున్న బొమ్మ పంపేదాకా అడ్వాన్సు ఇవ్వనన్నాడు. ఇంకా రాలేదు.