ముక్కినంత మాత్రాన మలబద్ధకం కాదు

తెల్లవారుజామున అయిదు గంటలు. అప్పటిదాకా హాయిగా నిద్రపోయిన బుజ్జిగాడు ఉన్నట్టుండి ఒళ్లు విరుచుకున్నాడు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని ముక్కడం మొదలుపెట్టాడు. ముఖం కందగడ్డలా అయింది. మూలుగు కాస్తా ఏడుపైంది. ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నారు. పావుగంట గడిచాక ఒక్కసారిగా ఏడుపాగింది. గుడ్డ విప్పి చూస్తే పసుపుపచ్చగా, మెత్తగా విరేచనం. వాడు మాత్రం ఏమీ ఎరగనట్టు బోసినోటితో చూస్తున్నాడు.

మా వీధి చివరింట్లో, పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి కొడుకు కథ ఇది. అప్పటికి వాడికి అయిదు వారాలు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇదే తంతు. మొదటి నాలుగు రోజులు ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. ‘పత్యం సరిగ్గా చేయడం లేదు, మొన్న శనగపప్పు కూర తిన్నావుగా’ అంది అమ్మమ్మ. ఆ మాటతో ఆ అమ్మాయికి పప్పు, కూరలూ బందయ్యాయి. చారన్నంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ‘గ్రైప్ వాటర్ పట్టించండి’ అని అత్తగారు ఫోన్‌లో చెప్పారు. అయిదో రోజు పెద్దావిడ తమలపాకు కాడ ఆముదంలో ముంచి సిద్ధం చేసింది. ‘నీకూ, మీ అమ్మకూ కూడా ఇలాగే చేశాం. నిమిషంలో అయిపోతుంది’ అంటే, ‘వద్దమ్మమ్మా, డాక్టర్‌ని అడిగాకే’ అని బాబును ఒడిలోకి లాక్కుందా అమ్మాయి. ఆ పూట ఇద్దరి మధ్యా మాటల్లేవు. సాయంత్రం మాత్రం ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న

‘ఎంతసేపు ఏడుస్తున్నాడు’ అని కాదు. ‘చివరికి వచ్చింది ఎలా ఉంది? గట్టిగానా, మెత్తగానా?’ అని. మెత్తగానే అన్నారు ఇద్దరూ. తర్వాత వరసగా మిగిలినవి. పుట్టాక మొదటి నల్లటి విరేచనం ఎప్పుడైంది? మొదటి రోజే. పాలు బాగా తాగుతున్నాడా? తాగుతున్నాడు, తల్లిపాలే. వాంతులున్నాయా? అప్పుడప్పుడు కాసిని పాలు కక్కడం తప్ప ఏమీ లేదు. పుట్టినప్పటి బరువు 2.9 కిలోలు, ఆ రోజు తూకంలో 3.9. పొట్ట నొక్కి చూశారు, మెత్తగా ఉంది. మలద్వారం కూడా పరీక్షగా చూశారు. పగుళ్లేమీ లేవు.

‘దీన్ని ఇన్‌ఫెంట్ డిస్కీజియా అంటారమ్మా. జబ్బు కాదు. మందు అక్కర్లేదు’ అన్నారు డాక్టర్. పేరు భయపెట్టేలా ఉన్నా గ్రీకు భాషలో దాని అర్థం చాలా మామూలుది... విరేచనానికి వెళ్లడానికి ఇబ్బంది పడటం, అంతే. తొమ్మిది నెలల లోపు పసివాళ్లు, వేరే ఏ అనారోగ్యమూ లేకుండా, కనీసం పది నిమిషాలు ముక్కుతూ ఏడుస్తూ, ఆనక మెత్తటి విరేచనం చేసినా, లేక ఏమీ చేయకుండానే ఊరుకున్నా దీని కిందికే వస్తుంది. పిల్లల జీర్ణకోశ నిపుణులు 2016లో ఇచ్చిన రోమ్-4 నిర్వచనం ఇది. ఎక్కువగా కనిపించేది మొదటి రెండు మూడు నెలల్లోనే.

మరి అంత ఏడుపెందుకు?

మనం విరేచనానికి కూర్చున్నప్పుడు ఒకేసారి రెండు పనులు చేస్తాం. ఊపిరి బిగబట్టి పొట్ట కండరాలతో పైనుంచి ఒత్తిడి పెడతాం. అదే సమయంలో కింద, మలద్వారం చుట్టూ ఉండే కండరాలను వదులు చేస్తాం. ఏళ్ల తరబడి అలవాటైన పని కాబట్టి మనకు ఆ స్పృహే ఉండదు.

పసివాడికి ఈ రెండూ జత కలపడం ఇంకా రాదు. మలం కిందికి చేరిందని తెలుస్తుంది. తోయాలని ఒళ్లంతా బిగిస్తాడు. పొట్టతో పాటు కింది కండరాలు కూడా బిగుసుకుంటాయి. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కుళాయి పూర్తిగా తిప్పినట్టన్నమాట. నీళ్లకు లోటు లేదు, పైపులో అడ్డూ లేదు. వేలు తీయాలంతే! పైగా వాడుండేది వెల్లకిలా. కూర్చునే మనకు దొరికే సాయం వాడికి దొరకదు.

ఏడుపు సంగతీ అంతే. పొట్టలో ఒత్తిడి పెంచడానికి వాడికి తెలిసిన ఉపాయం గట్టిగా ఏడవడమే. మనకు అది నొప్పితో ఏడ్చినట్టు వినిపిస్తుంది. నిజానికి అది వాడి శ్రమ. అలా తంటాలు పడుతుండగా ఏదో ఒక క్షణంలో కింది కండరాలు వాటంతటవే వదులవుతాయి. పని పూర్తవుతుంది. ఏడుపు ఠక్కున ఆగిపోవడానికి కారణం అదే. ఇలా పదే పదే జరగ్గా ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో వాడి శరీరానికి తెలిసొస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు.

తల్లి తిన్న శనగపప్పుకు ఇందులో ప్రమేయం లేదు. ‘ఈ అమ్మాయికి పప్పూ కూరా అన్నీ పెట్టండి. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకోకూడదు’ అని డాక్టర్ పెద్దావిడ వైపు చూసి చెప్పారట.

తమలపాకు కాడ పనిచేస్తుంది... అదే చిక్కు!

పెద్దావిడ ఊరుకోలేదు. ‘మరి కాడ పెట్టగానే అయిపోతుంది కదండీ?’ అనడిగింది. న్యాయమైన ప్రశ్నే. డాక్టర్ కాదనలేదు. మలద్వారాన్ని ఏదైనా తాకితే అక్కడి కండరాలు వదులై విరేచనం అవుతుంది. కాడైనా, సబ్బు ముక్కైనా, థర్మామీటర్ మొనైనా, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ బిళ్లైనా అంతే. కానీ అక్కడ వదులు చేసింది బయటి వస్తువు, పిల్లాడు కాదు. వాడు నేర్చుకోవాల్సిన పాఠాన్ని మనం మధ్యలో ఆపేసినట్టు. రోజూ అలాగే చేస్తుంటే బయటినుంచి తాకితేగానీ కదలని అలవాటు పడే అవకాశం ఉంది. అదీగాక పసివాళ్ల మలద్వారం లోపలి పొర చాలా పల్చన. కాడ గీసుకుంటే రక్తం రావచ్చు, సబ్బు ముక్కలోని కారం మంట పుట్టించవచ్చు. అప్పటిదాకా లేని నొప్పిని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఆముదం పట్టించడం ఇంకో పొరపాటు. విరేచనం మెత్తబడటానికి ఇచ్చే మందులన్నీ మలం గట్టిగా ఉన్నవాళ్ల కోసం. ఇక్కడ మలం మెత్తగానే ఉంది కదా, ఇంకేం మెత్తబరుస్తాం? విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. గ్రైప్ వాటర్, వాము నీళ్లు, గ్యాస్ చుక్కలు... వీటిలో ఏదీ కండరాల పొందికను నేర్పలేదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లయినా అక్కర్లేదు. డబ్బాపాలు తాగే పిల్లలకైతే దీనికోసం డబ్బా మార్చాల్సిన పనీ లేదు.

మూడు రోజుల చీటీ

‘నా మాట నమ్మొద్దు. మూడు రోజులు మీరే రాసి చూడండి’ అన్నారు డాక్టర్. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, చివరికేమైంది... ఈ మూడే. ఆ బాధ్యత అమ్మమ్మగారే తీసుకున్నారు. క్యాలెండర్ వెనక రాసిన ఆ లెక్క నేనూ చూశాను. మొదటి రోజు 5.10కి మొదలు, పదిహేను నిమిషాలు, పసుపు, మెత్తన, వెంటనే ఊరుకున్నాడు. 10.40కి మళ్లీ మొదలు. పన్నెండు నిమిషాలు ఏడ్చి, ఏమీ కాకుండానే ఆగిపోయాడు. పాలు పడితే తాగుతూ తాగుతూ అరగంటకు ఏ గొడవా లేకుండా విరేచనం చేసేశాడు. పాలు కడుపులో పడగానే పేగులు కదులుతాయి, వాడూ ఒళ్లు వదిలేసి ఉంటాడు, పని తేలికైపోయింది. మూడు రోజుల్లో పది సార్లు రాశారు. గట్టి విరేచనం ఒక్కటి లేదు. మూడో రోజు రాత్రి తమలపాకు కాడ గురించి ఆవిడే మాట్లాడటం మానేశారు.

ఏడుస్తున్నంతసేపూ చూస్తూ కూర్చోమని కాదు. ఎత్తుకోవచ్చు, భుజాన వేసుకోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లను మెల్లగా పొట్టవైపు మడిచి పట్టుకోవచ్చు. దానివల్ల తొందరగా అయిపోతుందన్న హామీ లేదు. వాడికి మాత్రం తోడున్నట్టుంటుంది. పొట్ట గట్టిగా నొక్కకూడదు. కింద ఏమీ పెట్టకూడదు.

ఎప్పుడు మాత్రం ఊరుకోకూడదు?

ఈ కథంతా ‘మెత్తటి విరేచనం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ’ అనే రెండు మాటల మీద నిలబడింది. వాటిలో ఏది తప్పినా లెక్క మారుతుంది. మలం మేక పెంటికల్లా గట్టిగా ఉండలు ఉండలుగా వస్తే అది మలబద్ధకం. దానికి వైద్యం వేరు. అలాగని రోజూ కాకపోవడమే మలబద్ధకం అనుకోకూడదు. నెల, నెలన్నర దాటాక తల్లిపాలు తాగే పిల్లలు కొందరు వారం రోజులకోసారి వెళ్లినా, మెత్తగా ఉంటే, బరువు పెరుగుతుంటే అది మామూలే.

పుట్టిన 48 గంటల్లోపు మొదటి నల్లటి విరేచనం కాని పిల్లల విషయం డాక్టర్‌కు తప్పక చెప్పాలి. పేగు చివరి భాగంలో పుట్టుకతోనే నరాల కణాలు లేకపోతే అలా ఆలస్యమవుతుంది. హిర్ష్‌స్ప్రంగ్ అనే ఆ జబ్బుకు ఆపరేషన్ అవసరం. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, వాంతి పచ్చగా ఆకుపసరులా వచ్చినా, మలంలో రక్తం కనిపించినా, పాలు తాగడం తగ్గినా, ఒళ్లు వెచ్చబడినా, బిడ్డ మగతగా వేలాడిపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది రాత్రయినా సరే. బరువు పెరగకపోయినా, తొమ్మిది నెలలు దాటినా ఇలాగే ఉన్నా చూపించుకోవాలి.

బుజ్జిగాడి విషయానికొస్తే... ఏడో వారానికి రోజుకు ఒకసారికి తగ్గింది. తొమ్మిదో వారం దాటేసరికి కాసేపు ముఖం ఎర్రగా చేసుకోవడం, చిన్న మూలుగు, అంతే. ఒక్క చుక్క మందు పడలేదు. మొన్న వాళ్లింటికి వెళితే పెద్దావిడ గుమ్మంలో కూర్చుని భోజనం తర్వాత తాంబూలం చుట్టుకుంటోంది. ‘కాడలు తుంచి పారేస్తున్నానమ్మా’ అని నవ్వింది. లోపల ఆమె మనవరాలు శనగపప్పు కూరతో అన్నం తింటోంది.