టీసీ ఫిర్యాదుపై పాఠశాల వివరణ

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ఫీజు బకాయి కారణంగా, జిల్లా పరిషత్ పాఠశాలలో చేరవలసిన ఆరో తరగతి విద్యార్థినికి టీసీ, అనగా బదిలీ ధ్రువపత్రం, నిరాకరించారంటూ ఆమె తండ్రి బహిరంగంగా చేసిన ఫిర్యాదు వాస్తవమేనని పాఠశాల యాజమాన్యం అంగీకరిస్తోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ప్రధానోపాధ్యాయుడు టీసీని వెంటనే ఇవ్వవలసి ఉండగా, దరఖాస్తుపై ‘బకాయి తీరాక’ అని రాసి కార్యాలయ గుమాస్తా తిప్పి పంపడం, అది ప్రధానోపాధ్యాయుని దృష్టికి రాకపోవడం లోపాలే అయినా, వాటికి బాధ్యత గుమాస్తాది కాదు, యాజమాన్యానిదే. టీసీ తండ్రికి అందింది. బకాయి వసూలుకు, టీసీకి ఇక ముడిపెట్టరు. ఇకపై ప్రతి దరఖాస్తుకూ తేదీతో రసీదు ఇస్తారని, ప్రధానోపాధ్యాయుని సంతకం లేకుండా ఏదీ తిరస్కరించరని, టీసీ రిజిస్టరు మీ తనిఖీకి సిద్ధంగా ఉందని యాజమాన్యం తెలియజేస్తోంది.

ఇట్లు,
పాఠశాల యాజమాన్యం