పోలీసు మాటకో క్రియ, మన అమ్మల మాటకో క్రియనా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బోయిగూడలో రూము తీసుకుని చదువుకునే మీరు రోజూ పేపరు చూస్తారు కదా. ఈసారి వాక్యం చివరి మాట చూడండి. ఎవరిని నమ్మాలో అక్కడే చెప్పేస్తారు.

వాకపల్లినే తీసుకోండి. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. "మహిళలు ఆరోపించారు" అని రాస్తే తప్పు లేదు. నేరం ఇంకా రుజువు కాలేదని ఆ మాటకు అర్థం. కానీ దాని పక్కనే "అదేం జరగలేదని పోలీసులు స్పష్టం చేశారు" అని రాస్తే మాత్రం మోసం. స్పష్టం చేశారంటే, అది నిజమని రాసినవాడు కూడా ఒప్పుకున్నట్టే. వాళ్లదీ అప్పటికి రుజువు కాని మాటే. "ఖండించారు" అనాలి, లేదా "వాదించారు" అనాలి.

2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తేల్చి, మహిళలకు పరిహారం ఇమ్మంది. "తేల్చింది" అనే మాట విచారణ పూర్తయ్యాకే చెల్లుతుంది. ఇక్కడ కోర్టు తేల్చింది దర్యాప్తు లోపాన్ని. మహిళలు అబద్ధమాడారని కాదు.

మన రాతలకూ ఇదే కొలత. చూసింది "చూశాం" అనండి, విన్నది "ఫలానావాళ్లు చెప్పారు" అనండి. రెండు పక్షాలకూ ఒకే తూకం అడగండి.