నోరెత్తని లక్షల గడి
స్థానవిలువల వర్క్‌షీట్లలో ఎక్కువ భాగం కామాలు మార్చడంతోనే సరిపెడతాయి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,45,80,777. అదే 84,580,777 అని రాస్తే ఎనభై నాలుగు మిలియన్ల ఐదు వందల ఎనభై వేల ఏడు వందల డెబ్బై ఏడు. కుడి నుంచి మొదటి మూడంకెలు రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. ఆ తర్వాత మన పద్ధతిలో రెండేసి, మిలియన్ల పద్ధతిలో మూడేసి విడగొడతారు. పిల్లలకు ఇది ఒక్క పూటలో వచ్చేస్తుంది. అసలు తడబాటు మాటల నుంచి అంకెల్లోకి వెళ్లేటప్పుడు. ‘ఐదు కోట్ల నలభై వేల మూడు వందల ఆరు’ రాయమనండి, చాలామంది 5,40,306 అంటారు. లక్షల గడి ఖాళీ కాబట్టి చదివేటప్పుడు దాని ఊసే రాదు, రాసేటప్పుడూ జారిపోతుంది. పైగా కామాలు పద్ధతిగానే ఉన్నాయి, దిద్దే టీచరు కన్నూ మోసపోవచ్చు! కోట్ల తర్వాత ఏడంకెలు ఉండాల్సిందేనని లెక్కపెడితే దొంగ దొరుకుతాడు: 5,00,40,306. దీన్నే మిలియన్లలో 50,040,306 అని రాస్తే నలభై వేలు అనే మాట మధ్య గడిలో ఉంటుంది, ఏ గడీ పూర్తిగా ఖాళీ కాదు. అక్కడ పోయేది మహా అయితే నలభై ముందున్న సున్నా. అందుకే నా ఓటు కామాలు లేని సంఖ్యలకూ, ఖాళీ గడులున్న మాటలకూ. కామాలు ముందే పెట్టిచ్చిన వర్క్‌షీట్ పరీక్షించేది స్థానవిలువను కాదు, చూపును.