ఒక్క కంపెనీకని ఇచ్చిన రెజ్యూమే

సూళగిరి దగ్గరి ఒక చెల్లెలు హోసూరు సిప్కాట్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఇంకాస్త మంచి జీతం కోసం ఒక ఏజెంటును కలిసి, అతను చెప్పిన కంపెనీ కోసమని రెజ్యూమే, ఆధార్, మార్కుల జాబితా వాట్సాప్‌లో పంపింది. రెండు వారాలు తిరగకుండానే సూపర్‌వైజర్ పిలిచి, "వేరేచోట చూసుకుంటున్నావటగా?" అని అడిగాడు. ఆ రెజ్యూమే ఏ గ్రూపులోనో పడి, తిరిగి తిరిగి తను పనిచేసే చోటికే చేరింది. ఆ నెలాఖరుకు కాంట్రాక్టు పొడిగించలేదు. "ఒక్క కంపెనీకే కదా ఇచ్చాను, అయ్యగారూ" అని ఆమె నాతో అంది. ఇచ్చింది నిజమే. కానీ ఒక్క కంపెనీకే అన్న మాట ఆమె మనసులోనే ఉంది, ఏజెంటుకు పంపిన మెసేజిలో లేదు.

ఏజెంటుకు డబ్బు వచ్చేది మనిషి పనిలో చేరినప్పుడు. కాబట్టి ఒక రెజ్యూమేను పది చోట్లకు పంపడం అతనికి లాభం. మనకు మాత్రం అందులో రెండు నష్టాలున్నాయి. ఒకటి, ఈ చెల్లెలికి జరిగినది. రెండోది చాలామందికి తెలియదు. ఒకే అభ్యర్థి పేరు ఇద్దరు ఏజెంట్ల నుంచి వస్తే, ఫీజు ఎవరికివ్వాలన్న తగవు ఎందుకని కొన్ని కంపెనీలు ఆ పేరునే పక్కన పెడతాయి. మనకు తెలియకుండా ఒకరు ముందే పంపి ఉంటే, తర్వాత మనం నేరుగా పెట్టుకున్న దరఖాస్తు కూడా చిక్కులో పడవచ్చు.

అందుకే రెజ్యూమే పంపకముందే ఇలా ఒక మెసేజి పెట్టాలి: "సార్, నా వివరాలు ఫలానా కంపెనీలో ఫలానా ఉద్యోగానికి మాత్రమే పంపండి. వేరే ఏ కంపెనీకైనా, గ్రూపుకైనా పంపేముందు పేరు చెప్పి నన్ను అడగండి. ఎంపిక కాకపోతే, లేదా 30 రోజులు దాటితే, నా ఫైళ్లు తీసేసి నాకు చెప్పండి. సరేనని జవాబివ్వండి." ఏజెంటుకు తమిళమో ఇంగ్లీషో అలవాటైతే ఆ భాషలోనే రాయించి పంపండి. జవాబు వచ్చాకే రెజ్యూమే పంపండి. నోటిమాటగా ఒప్పుకుంటే, ఆ మాటనే మెసేజిగా పెట్టి ఉంచుకోండి. అందుకు ఒప్పుకోని ఏజెంటు మన కాగితాలను ఏం చేస్తాడో అప్పుడే తెలిసిపోతుంది.

మొదటి దశలో ఆధార్ అవసరం లేదు. తప్పదంటే, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైటు నుంచి దించుకుని ఇవ్వండి. జిరాక్స్ ఇస్తే దాని మీద కంపెనీ పేరు, తేదీ అడ్డంగా రాయండి. ఒక్కో ఏజెంటుకు ఇచ్చే రెజ్యూమేలో జీమెయిల్ చిరునామాను కొద్దిగా మార్చవచ్చు: @ గుర్తుకు ముందు +hosur1, +hosur2 అని చేర్చినా మెయిల్ మనకే వస్తుంది. ఎవరో తెలియని కంపెనీ +hosur2కు రాస్తే, వివరాలు ఏ ఏజెంటు దగ్గరి నుంచి బయటికి పోయాయో తెలిసిపోతుంది.

గడువు తీరాక మళ్లీ రాయండి. "డిలీట్ చేయండి" అని ఊరుకుంటే చాలదు. వాట్సాప్, మెయిల్, ఎక్సెల్ షీటు అని చోట్లన్నీ పేర్కొనండి. ఇంకెవరికైనా పంపి ఉంటే వారి పేర్లు అడగండి. కంపెనీకి చేరిన ప్రతిని ఏజెంటు తీయలేడు; దానికోసం ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు విడిగా రాయాలి. జిరాక్స్ కాగితాలను చేతికి తిరిగి తీసుకోండి.

చట్టం మాటేమిటి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఏ పని కోసం వివరాలిచ్చామో ఆ పనికే వాడాలి. సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు, తీసేయమని అడిగే హక్కు మనవి. వేరే చట్టం ఉంచమన్న రికార్డులకు మాత్రం మినహాయింపు ఉంది. సమ్మతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలివ్వాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది కనుక, అర్థంకాని ఫారాలపై సంతకాలు పెట్టే హోసూరు, కృష్ణగిరి తెలుగువారికి ఇది చిన్న విషయం కాదు. అయితే నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ఈ బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు, అంటే 2027 మే దాకా, పెట్టారు. పైగా ఈ చట్టం డిజిటల్ రూపంలోని వివరాలకే. స్కాన్ చేయని కాగితానికి వర్తించదు.

అందాకా మన చేతిలో ఉండేది ఆ మెసేజి, దానికి వచ్చిన "సరే" అన్న జవాబు. ఆ చెల్లెలు ఇప్పుడు మరో ఏజెంటుకు ముందుగా అదే పంపింది. అతను పావుగంటలో జవాబిచ్చాడు. రెండో కంపెనీ పేరు వచ్చినప్పుడు ఫోన్ చేసి అడిగాడు. అది తను పనిచేసిన పాత కంపెనీయే. వద్దని చెప్పింది.