పుస్తకం మొదటి పుటలో ఏమి వ్రాయాలి?

మిత్రుడు కష్టకాలంలో ఉన్నప్పుడు ఒక పుస్తకం కొని ఇవ్వడం మనలో చాలామందికి అలవాటే. లోపలి ఖాళీ పుటలో మాత్రం ‘ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి’ అని వ్రాసి సంతకం చేస్తాము. ఆ వాక్యం చూడడానికి ఓదార్పులా ఉన్నా, నిజానికి అది దుఃఖంలో ఉన్నవాడికి ఒక పని అప్పగిస్తుంది. ఇకమీదట అతడు మన ఎదుట ధైర్యంగా కనబడాలి. నా అభిప్రాయంలో ఆ పుటలో ఉండవలసినది సలహా కాదు, ఒక జ్ఞాపకం, ఒక మాట.

ఇలా చెప్పడానికి వైద్యశాస్త్రంలో కొంత ఆధారం ఉంది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, తీవ్రమైన కుంగుబాటు వల్లనో ఆత్మహత్యా ప్రయత్నం వల్లనో ఆస్పత్రిలో చేరి, బయటకు వచ్చాక చికిత్స కొనసాగించడానికి నిరాకరించిన 843 మందిని రెండు వర్గాలుగా విభజించాడు. ఒక వర్గానికి అయిదేళ్లపాటు, ఏడాదికి కనీసం నాలుగుసార్లు చిన్న ఉత్తరాలు వెళ్లాయి. వాటిలో ఉపదేశం లేదు. జవాబు ఇవ్వాలన్న షరతు లేదు. మీరు మాకు గుర్తున్నారు అన్నదే వాటి సారాంశం. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ఉత్తరాలు అందుకున్నవారిలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. అవి ఆస్పత్రి పంపిన ఉత్తరాలే గాని పుస్తకంలోని వ్రాతలు కావు. అయినా జవాబు అడగకపోవడం, మళ్లీ మళ్లీ పలకరించడం అనే రెండు గుణాలను మనం తీసుకోవచ్చు.

రఘునాథపల్లిలో ఉండే నా బాల్యమిత్రుడొకరు ఉపాధ్యాయుడుగా పదవీ విరమణ చేశారు. ఒక వేసవిలో ఆయన భార్య మరణించింది. ఆ వర్షాకాలంలో ఆయనకు ఒక పుస్తకం ఇచ్చాను. దుఃఖంలో మనసు నాలుగు పుటలకు మించి నిలవదు గనుక నవలకు బదులు పలుచని కథల సంపుటి ఎంచుకున్నాను. డెబ్బై దాటిన కళ్లకు సన్నని అక్షరం శ్రమ గనుక పెద్ద అక్షరాలతో, వరుసల మధ్య ఎడం ఉంచి, నల్ల బాల్‌పెన్నుతో వ్రాశాను. ఇంకు పెన్ను వాడితే పలుచని కాగితం మీద సిరా వెనుక పుటకు దిగుతుంది. వ్రాసినది ఇది:

“రాత్రి బండి దిగి ఆకలితో మీ ఇంటికి వస్తే, వదినె ఆరిన పొయ్యి మళ్లీ ముట్టించి సర్వపిండి చేసి పెట్టింది. ఆ రుచి నాకు ఇంకా యాదికుంది. వచ్చే సోమవారం పొద్దున వస్తా. మాట్లాడాలనిపించకుంటే ఊరికే కూసుందాం. ఈ పుస్తకం చదవకున్నా సరే, దీనికి జవాబు రాయకున్నా సరే.”

ఇందులో మూడు పనులు జరిగాయి. చనిపోయిన మనిషి ప్రస్తావనను దాటవేయలేదు. అందరూ ఆమె పేరెత్తడానికి జంకే ఇంట్లో, ఆమె మరొకరికి కూడా గుర్తుంది అన్న సంగతే పెద్ద ఊరట. రెండవది, ‘ఏదైనా కావాలంటే చెప్పు’ అనలేదు. అడిగే భారం ఆయనదే అవుతుంది గనుక, వచ్చే రోజు నేనే చెప్పాను. మూడవది, చదవడం, జవాబివ్వడం అనే బాకీలు ఆయన మీద ఉంచలేదు.

అయితే ఆ పుట ఒకసారి పలకరించడమే. ఇంట్లో బతుకమ్మ పేర్చే చేతులు లేని మొదటి ఏడు, మొదటి దసరా, చివరకు సంవత్సరీకం, ఇవి బరువైన రోజులు. వాటిని క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, ఆ ముందురోజే నాలుగు వాక్యాల ఉత్తరం అందేట్లు చూడండి. రాస్తానన్న సోమవారం మాత్రం తప్పకండి. వస్తానని వ్రాసి రాకపోతే, ఆ పుట వ్రాయకపోవడమే మేలు.

ఎంత మంచి వాక్యమైనా మందుకు బదులు కాదు. దుఃఖం అలలుగా వస్తుంది. మధ్యలో మనుమరాలి మాటకు నవ్వు కూడా వస్తుంది. అలాకాక, రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ నిద్ర, ఆకలి చెడి, దేనిమీదా ఆసక్తి లేక, ‘నేను దండగ’ అన్న మాట వినబడితే అది కుంగుబాటు కావచ్చు, వైద్యుని వద్దకు వెంట తీసుకువెళ్లండి. చావాలన్న మాట వస్తే రెండు వారాలు ఆగవద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తున్నదా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుమందు డబ్బా అందకుండా తీసివేయండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రేయింబవళ్లు తెలుగులోనూ పలుకుతుంది. పుస్తకం ఇచ్చేటప్పుడు పుట అడుగున తేదీతోపాటు మీ ఫోను నంబరు కూడా పెద్ద అంకెలలో వ్రాయండి. అర్ధరాత్రి వెతుక్కోవలసిన అవసరం ఆయనకు ఉండదు.