పిన్ను గుర్తులు చూసి పట్టుచీర కొనకండి

చేనేత పట్టుచీరను ఫొటోలోనే ఇట్టే పోల్చుకోవచ్చని ఇప్పుడు అందరూ అంటున్నారు. అంచు కొసన పిన్ను గుర్తులు ఉండాలట, జరీ మరీ మెరవకూడదట, నేతలో అక్కడక్కడా తప్పులు కనబడాలట. పెళ్లిళ్ల రోజులు వచ్చేసరికి అనకాపల్లి ఇళ్లలో ఫోన్లకు ‘ఉప్పాడ జమ్దానీ’ ఫొటోలు వరసగా వచ్చి పడతాయి. ఆడవాళ్లంతా చేరి వాటిని రెండు వేళ్లతో పెద్దవి చేసి ఈ మూడు గుర్తులూ వెతుకుతారు. తుని దాటి పిఠాపురం మీదుగా పోతే ఉప్పాడ పూటలో వెళ్లొచ్చే ఊరే. నేతకు పేరున్న పాయకరావుపేట మన జిల్లాలోనే ఉంది. అయినా నమ్మకం ఫొటో మీదే. ఈ మూడు గుర్తుల్లో ఒక్కటీ చేనేతకు రుజువు కాదన్నది నా వాదన. ఫొటో చూసి ‘ఇది కాదు’ అని తేల్చవచ్చు గానీ ‘ఇదే’ అని పూచీ ఇవ్వలేం.

ముందు అంచు సంగతి. నేస్తున్నప్పుడు బట్ట వెడల్పు లోపలికి ముడుచుకుపోకుండా మగ్గం మీద అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు. దాని రెండు చివరలా సన్నని మొనలు ఉంటాయి. అవి బట్టలో దిగినచోట చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి. నేత సాగేకొద్దీ కర్రను ముందుకు జరుపుతారు కాబట్టి అవి అంచు వెంబడి గుంపులు గుంపులుగా పడతాయి. ఇంతవరకు నిజమే. కానీ బట్ట ముడుచుకోవడమనే ఇబ్బంది మరమగ్గానికీ ఉంది. అక్కడ కర్రకు బదులు పళ్లున్న చిన్న చక్రాలు బట్టను రెండు పక్కలా పట్టుకుంటాయి. అవీ గుర్తులు వదులుతాయి. దుకాణం వెలుతురులో తీసి, వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫొటోలో ఏది కర్ర మొన గుర్తో, ఏది చక్రం పంటి గుర్తో ఎవరు చెప్పగలరు?

కొస నున్నగా ఉంది, పేక దారం తెగకుండా మడత తిరిగి వెనక్కి వచ్చింది, కాబట్టి చేనేతేనని ఇంకొందరి మాట. అది నాడె వాడిన మగ్గం అని మాత్రమే చెబుతుంది. మన దేశంలో నాడెతో నడిచే మరమగ్గాలు బోలెడు. వాటి మీదా దారం అలాగే తిరిగి వస్తుంది. కొసన దారాలు కత్తిరించి కుచ్చుగా ఉంటే మాత్రం అది నాడె లేని కొత్త రకం యంత్రం పని. అప్పుడు చేనేత కాదని నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు.

జరీ మీద జరిగే చర్చ మరీ విచిత్రం. జరీ మంచిదా కాదా అన్నది సరుకు ప్రశ్న, చీర ఏ మగ్గం మీద నేశారన్నది వేరే ప్రశ్న. వెండితీగ చుట్టి బంగారు పూత వేసిన జరీని మరమగ్గం మీదా నేయవచ్చు. రాగితీగ జరీ, మెరుపు పూసిన ప్లాస్టిక్ జరీ చేనేత మగ్గాల మీదకీ ఎప్పుడో వచ్చేశాయి. పైగా ఫోను కెమెరా రంగును తన ఇష్టం వచ్చినట్టు సరిదిద్దుతుంది. పసుపు బల్బు కింద ఏ జరీ అయినా పాతబంగారంలా కనిపిస్తుంది. సిల్క్ మార్క్ చీటీ ఫొటో చూసి ధైర్యపడేవాళ్లకూ ఇదే జవాబు: అది పట్టు స్వచ్ఛతకు గుర్తు. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకూ అది దక్కుతుంది. చేతిమగ్గానికి వేరే గుర్తు ఉంది, 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్. అమ్మేవాళ్లు మొదటిది చూపించి రెండోదాని ఊసెత్తకపోతే అడగాల్సింది మనమే.

మరి ఫొటో దేనికి పనికొస్తుంది? ఉప్పాడ జమ్దానీ విషయంలో మాత్రం బాగానే పనికొస్తుంది, వెనకవైపు తీసిన ఫొటో అయితే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతలో బుటా దారాన్ని నాడెతో చీర వెడల్పంతా తోలరు. ఒక్కో బుటాకు విడివిడిగా చిన్న దారం చుట్టలు ఉంటాయి. మగ్గం మీద సాధారణంగా ఇద్దరు కూర్చుని ఎత్తిన పడుగు దారాల మధ్య వాటిని వేళ్లతో దూరుస్తారు. బుటా ఎక్కడ ముగిస్తే దారం అక్కడే వెనక్కి తిరుగుతుంది, పక్క బుటాకు పోదు. అందుకే వెనక వేలాడే దారాలు లేకుండా బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. మరమగ్గం జాకార్డ్ మీద బుటా దారం ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. బుటాల నడుమ వెనక తేలిన దారాన్ని తర్వాత కత్తిరించేస్తారు. బుటాకు అటూ ఇటూ మొండి కొసలు నూగులా మిగిలిపోతాయి.

నాకు చూపించిన ఒక వరస ఫొటోలు ఇక్కడ చెప్పుకోదగ్గవి. చిలకపచ్చ ఒళ్లు, రాణిరంగు అంచు, జరీ మామిడిపిందెలు, పైన ‘అసలు జమ్దానీ, కుప్పడం అంచు’ అన్న రాత. ముందువైపు ఫొటోలు మూడు. అంచున పిన్ను గుర్తులు ఉన్నాయి, జరీ మందంగానే ఉంది. ఇంటిల్లిపాదీ ఒప్పేసుకున్నారు. వెనకవైపు అడిగితే నాలుగో ఫొటో వచ్చింది. ప్రతి పిందెకూ పక్కల నూగు. మూడో పిందె తోకలో ఒక వరస దారం లోపించింది. ‘చూశారా, చేత్తో నేసిన తప్పు’ అని ఒకామె మురిసిపోయారు కూడా. కానీ అడ్డంగా చూస్తే ఆ వరసలో ఉన్న పిందెలన్నిటికీ తోకలో అదే చోట అదే లోపం. చేత్తో దూర్చేటప్పుడు తప్పు ఒక పిందెలో జరుగుతుంది, పక్క పిందెకు పాకదు. వరసంతా ఒకేలా తప్పిందంటే అడ్డంగా నడిచిన దారం ఒకటే. తప్పు ఉందా అని కాదు, అది ఎలా పాకింది అని చూడాలి.

అంచు రంగు కూడా ఆ ఫొటోలో మాట్లాడింది. కుప్పడం నేతలో ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. పచ్చ పేక అంచు దగ్గర ఆగి రాణిరంగు పేకతో పెనవేసుకుని వెనక్కి తిరుగుతుంది. అందుకే అంచు వెనకవైపు కూడా తేటగా ఉంటుంది, కలిసినచోట సన్నని గీతలా అతుకు కనబడుతుంది. ఈ చీరలో అంచు వెనక పక్క పచ్చజీర కలిసి మసకబారింది. అంటే పచ్చ పేకే ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అంత మాత్రాన ఏ చీరనూ మరమగ్గానిది అనకూడదు. ఒకే నాడెతో నేసిన చేనేత చీరలు ఎన్నో ఉన్నాయి. అలాగే వెనక దారాలు కత్తిరించిన చేతిమగ్గం జాకార్డ్ చీరలూ ఉన్నాయి. ఈ చీర గురించి కచ్చితంగా చెప్పగలిగింది, ఇది జమ్దానీ కాదు, కుప్పడం కాదు అని. అమ్మేవాళ్లు ఆ రెండు పేర్లకే ధర అడుగుతున్నారు కాబట్టి అది చాలు.

నూగు కనబడని వెనకవైపు ఫొటో వచ్చినా పొంగిపోవద్దు. ఒకే మంచి చీర ఫొటో పది చేతులు మారి, పది ధరలతో తిరుగుతూ ఉంటుంది. ఇంటికి వచ్చే చీర అదేనన్న నమ్మకం లేదు. ఫొటోలకు బదులు ఆపకుండా తీసిన ఒక వీడియో అడగండి. ముందు బుటా, దాన్నే తిప్పి వెనక, అక్కడి నుంచి అంచు అతుకు, కొంగు చివర. మీరు చెప్పిన ఒక అంకె కాగితం మీద రాసి చీర పక్కన పెట్టమనండి. చీర చేతికొచ్చాక వీడియోలోని బుటాతో వెనకవైపు పోల్చి చూసుకోండి. అదీ ఫాల్ కుట్టించక ముందే. కుట్టు పడిన చీరను ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.